ఎంత పడిందని కాదు, గర్భం ఎక్కడుందని అడగండి

నెల తప్పిన కొత్తలో బట్టకు గోధుమ రంగు మచ్చ అంటిందని చెబితే మన ఇళ్ళలో మొదట వచ్చే ప్రశ్న "ఎంత పడింది?". కొంచెమే అంటే "వేడి చేసి ఉంటుంది, కాసేపు పడుకో" అంటారు. ఎక్కువ అంటే బొప్పాయి తిన్నావా, బండెక్కావా, బరువులెత్తావా అని విచారణ మొదలవుతుంది. ఎక్కువ పడితే ప్రమాదం, తక్కువ పడితే ఫర్వాలేదు అన్న ఈ లెక్కను నమ్ముకుని ఆడవాళ్ళు ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు టెన్షన్ తగ్గే మాట చెబుతాను. మొదటి మూడు నెలల్లో గర్భిణుల్లో సుమారు నలుగురిలో ఒకరికి ఎంతో కొంత రక్తం కనిపిస్తుంది. వాళ్ళలో ఎక్కువమందికి గర్భం మామూలుగానే కొనసాగుతుంది. పిండం గర్భసంచి గోడకు అతుక్కునే రోజుల్లో, అంటే నెలసరి రావాల్సిన సమయానికి అటూ ఇటూగా, ఒకటి రెండు రోజులు చుక్కలు కనిపించవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు గర్భసంచి ముఖద్వారానికి రక్తప్రసరణ పెరుగుతుంది కాబట్టి భార్యాభర్తలు కలిసిన తర్వాతో, డాక్టర్ లోపలి పరీక్ష చేసిన తర్వాతో కాస్త రక్తం అంటవచ్చు. అది దానంతటదే ఆగిపోతుంది. గర్భసంచిలో పిండం తిత్తి పక్కన కొద్దిగా రక్తం చేరి, అది పాతబడి గోధుమ రంగులో బయటికి రావడమూ ఉంది. వీటిలో ఏదీ బొప్పాయి ముక్క వల్ల వచ్చేది కాదు. గర్భం పోయినా మొదటి నెలల్లో చాలాసార్లు కారణం పిండంలోని క్రోమోజోముల లోపమే. ఆ పిల్లను దోషిని చేసి నిలబెట్టడం మానేయండి.

ఇప్పుడు అసలు విషయం. మా చిన్నాన్న కూతురు ఒప్పుకుంటేనే ఇది రాస్తున్నాను. ఇంట్లో చేసిన పరీక్షలో రెండు గీతలు వచ్చాయి, ఆరో వారం నడుస్తోంది, స్కాన్ ఇంకా చేయించలేదు. గోధుమ రంగు మచ్చలు మొదలయ్యాయి. "మా అందరికీ ఇలాగే అయ్యింది" అన్నారు అత్తగారు. తెలిసినవాళ్ళకు ఫోన్ చేస్తే గర్భం నిలవడానికి ప్రొజెస్టెరాన్ మాత్రలు చెప్పారు, మందుల షాపులో తెచ్చి వేసేశారు. మర్నాడు పొత్తికడుపులో కుడివైపు నొప్పి వస్తే గ్యాస్ అనుకున్నారు. సాయంత్రానికి భుజం చివర నొప్పి, అది పడుకున్న తీరు బాలేక అనుకున్నారు. రాత్రి విరేచనానికి వెళ్ళాలనిపించి లేచింది, బాత్రూంలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికి బీపీ పడిపోయింది, నాడి వేగంగా కొట్టుకుంటోంది. స్కాన్‌లో గర్భసంచి ఖాళీగా ఉంది, కడుపు నిండా రక్తం. కుడివైపు ట్యూబ్ పగిలింది. ఆ రాత్రే ఆపరేషన్ చేసి ట్యూబ్ తీసేశారు, రక్తం ఎక్కించారు. బతికింది. పగలంతా వాడిన ప్యాడ్ మీద ఉన్నది మాత్రం రెండు మూడు మచ్చలే.

దీన్ని ట్యూబ్ ప్రెగ్నెన్సీ అంటారు. సుమారు వంద గర్భాల్లో ఒకటో రెండో ఇలా గర్భసంచి బయట, ఎక్కువగా ట్యూబులో, అతుక్కుంటాయి. మూత్ర పరీక్షలో మామూలు గర్భంలాగే రెండు గీతలు వస్తాయి, వేవిళ్ళు కూడా ఉండవచ్చు. ట్యూబు సన్ననిది, పెరిగే పిండానికి చోటివ్వలేదు. అది చిరిగితే రక్తమంతా కడుపులోకి కారుతుంది తప్ప కిందికి రాదు. కింద కనిపించే ఆ కాస్త రక్తం, ఖాళీగా ఉన్న గర్భసంచి లోపలి పొర విడిపోవడం వల్ల వచ్చేది. అందుకే బయట చుక్కలు చూసి లోపలి సంగతి చెప్పలేం. భుజం నొప్పికీ కారణం ఉంది. కడుపులో చేరిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరను రేపుతుంది. ఆ పొరకూ భుజానికీ నరాల సంబంధం ఉంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. గర్భిణికి చుక్కలతో పాటు భుజం చివర నొప్పి వస్తే బామ్ రాసి కూర్చోకండి.

స్కాన్ గురించి మన వాళ్ళకు ఒక భయం ఉంది. లోపలినుంచి చేసే స్కాన్ వల్ల గర్భం పోతుందని వద్దంటారు. పోదు. ఇంత తొందరలో పైనుంచి చేసే స్కాన్‌లో సరిగా కనపడనిది అందులోనే కనపడుతుంది. గర్భసంచిలో తిత్తి సుమారు ఐదో వారానికి, గుండె చప్పుడు ఆరో వారం ప్రాంతంలో తెలుస్తాయి. వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. అంతకు ముందే వెళితే ఏమీ కనపడకపోవచ్చు. అప్పుడు బీటా హెచ్‌సీజీ అనే రక్త పరీక్ష చేసి, 48 గంటల తర్వాత మళ్ళీ చేస్తారు. సరిగా సాగే గర్భంలో ఆ అంకె బాగా పెరుగుతుంది. పెరగాల్సినంత పెరగకపోయినా, ఉన్నచోటే ఉండిపోయినా అనుమానించాలి. "ఏమీ కనపడలేదు, బహుశా ఇంకా తొందరేమో" అన్నారంటే అది నిశ్చింతగా ఉండమని చెప్పినట్టు కాదు, రెండో పరీక్షకు తప్పకుండా రమ్మని చెప్పినట్టు. ట్యూబు పగలకముందే తెలిస్తే కొందరికి ఇంజెక్షన్‌తోనే సరిపోతుంది. మా చెల్లెలికి ఆ అవకాశం దాటిపోయింది.

ప్రొజెస్టెరాన్ మాత్రల మీద నాకు కోపం లేదు. ఇంతకుముందు గర్భస్రావమై, ఇప్పుడు మళ్ళీ రక్తం కనిపించినవాళ్ళకు డాక్టర్లు ఆలోచించి ఇస్తారు, దానికి ఆధారం ఉంది. గర్భం ఎక్కడుందో చూడకుండా ఫోన్‌లో చెప్పి వేయించడం మీదే నా కోపం. మంచం దిగకుండా పడుకోబెడితే గర్భం నిలుస్తుందని కూడా రుజువు కాలేదు.

కాబట్టి నొప్పి లేకుండా ఒకటి రెండు చుక్కలు పడితే ఆ రోజో మర్నాడో డాక్టర్‌కు చూపించుకోండి, ప్యాడ్ వాడుతూ రంగూ పరిమాణమూ గమనించండి. ఒకవైపు పట్టేసే నొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం, పెద్ద గడ్డలు పడటం, జ్వరంతో వాసన రావడం, వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. బ్లడ్ గ్రూప్ నెగటివ్ అయితే అది డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, కొందరికి 72 గంటల లోపు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమవుతుంది.

మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదన్న పద్ధతి మీ ఇంట్లో ఉంటే ఉండనివ్వండి, కానీ రాత్రి బండి తీయగల ఒక్క మనిషికైనా చెప్పి ఉంచండి.

ఇంకో మాట మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకంగా చెప్పాలి. పిల్లల ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళు మన దగ్గర చాలా ఎక్కువ. ఆపరేషన్ అయ్యింది కదా, నెల తప్పితే వయసు వల్లేలే అనుకుంటారు. ఆపరేషన్ తర్వాత గర్భం రావడం అరుదే, కానీ వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం మామూలుకన్నా చాలా ఎక్కువ. నెల తప్పి, చుక్కలు, కడుపునొప్పి ఉన్న మీ అక్కకో పిన్నికో ఆపరేషన్ అయిందని వదిలేయకుండా గర్భ పరీక్ష చేయించండి. ఇంతకుముందు ట్యూబ్ గర్భం వచ్చినవాళ్ళు, కాపర్-టీ ఉండగానే నెల తప్పినవాళ్ళు కూడా అంతే జాగ్రత్తగా ఉండాలి.

ఆసుపత్రిలో చీటీ రాసేచోట "కొంచెం బ్లీడింగ్ అండి" అని మాత్రమే చెబితే వరసలో కూర్చోబెట్టేస్తారు. ఇలా చెప్పండి: "నెల తప్పింది, చివరి నెలసరి మొదలై ఇన్ని వారాలైంది, పరీక్షలో గర్భం అని వచ్చింది, స్కాన్ ఇంకా కాలేదు, చుక్కలు పడుతున్నాయి, ఒకవైపు నొప్పిగా ఉంది, ట్యూబ్ ప్రెగ్నెన్సీ ఏమో చూడండి."