నోటీసు పీరియడ్ అడిగితే రోజులు కాదు, తేదీ చెప్పండి

మా పిన్ని కొడుకుది కావలి, ఉద్యోగం చెన్నైలో. జూన్ మొదట్లో ఒక రిక్రూటర్ ఫోన్ చేసి "నోటీసు పీరియడ్ ఎంత? ఎంత తొందరగా జాయినవగలరు?" అని అడిగింది. తన నోటీసు తొంభై రోజులంటే పక్కన పెట్టేస్తారని భయపడి, "ముప్పై రోజుల్లో వచ్చేస్తానండీ" అన్నాడు. ఆఫర్ లెటర్‌లో జూలై 14 అని వేశారు. వీడు జూన్ 12న రాజీనామా మెయిల్ పెట్టాడు. మేనేజర్ ముందే వదలనన్నాడు. పాత అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూస్తే, మిగిలిన రోజులకు డబ్బు కట్టి వెళ్లడానికి కూడా కంపెనీ ఒప్పుకోవాలని ఉంది. కొత్తవాళ్లు ఆగలేదు, ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. పాతవాళ్లు రాజీనామా రద్దు చేసుకోనిచ్చారు కాబట్టి జీతం నిలబడింది. పినాకినిలో ఊరికొచ్చి "ఎట్టా అన్నా ఇప్పుడు?" అని వాడు అడిగినప్పుడు నాకు కడుపు తరుక్కుపోయింది.

ఆ ముప్పై రోజులు వాడి చేతిలో ఉన్నవి కావు. మేనేజర్ చేతిలో ఉన్నదాన్ని వీడు మాటిచ్చేశాడు. తప్పు అక్కడే జరిగింది.

రిక్రూటర్‌కి కావాల్సింది తేదీ. అది లెక్క కట్టడం కష్టమేం కాదు. మా వాడి లెటర్ ప్రకారం మెయిల్ పెట్టిన రోజు నుంచే లెక్క. జూన్ 12 మొదటి రోజైతే, తొంభయ్యో రోజు సెప్టెంబర్ 9. అంటే సెప్టెంబర్ 10న కచ్చితంగా చేరగలడు. కొన్నిచోట్ల మేనేజర్ ఆమోదించిన రోజు నుంచి లెక్కపెడతారు. అందుకే ఫోనెత్తే ముందే లెటర్ చదవాలి.

డబ్బు సంగతీ అంతే. నెలకు బేసిక్ 30,000, మొత్తం జీతం 60,000 అనుకోండి. ముప్పై రోజులు ముందు వెళ్లాలంటే ఒక కంపెనీ బేసిక్ మీద 30,000 కట్టమంటుంది, ఇంకోటి మొత్తం జీతం మీద 60,000 అడుగుతుంది. కొత్త కంపెనీ దాన్ని తిరిగిస్తుందో లేదో అప్పుడే అడగాలి, ఇస్తామంటే ఆఫర్‌లో రాయించుకోవాలి.

చెప్పకుండా వెళ్లిపొమ్మని స్నేహితులు సలహా ఇచ్చారు. దానికి నేను ఒప్పుకోను. రిలీవింగ్ లెటర్ రాదు, పీఎఫ్‌లో ఉద్యోగం వదిలిన తేదీ కంపెనీ వేయకపోతే తర్వాత తిప్పలు.

ఆఫర్ ఎప్పుడొస్తుందో ముందే తెలియదు కాబట్టి, అది రాగానే తేదీ లెక్క కట్టుకునేలా వాడితో నేను రాయించిన జవాబు ఇది: "నా నోటీసు 90 రోజులు. మీ ఆఫర్ చేతికొచ్చిన రెండు రోజుల్లో రాజీనామా ఇస్తాను. అక్కడి నుంచి 90 రోజులు పూర్తయిన మర్నాడు కచ్చితంగా చేరతాను. ముందే వదలమని అడుగుతాను, కానీ అది మా మేనేజర్ నిర్ణయం, ఇప్పుడే మాటివ్వలేను. నోటీసు డబ్బు మీరు భరిస్తారా?"

నిన్న ఇంకో రిక్రూటర్ అడిగితే అదే పంపాడు. టీముతో మాట్లాడి చెప్తానందట. ఇంకా కబురు రాలేదు.