రక్తం తక్కువున్న మనిషికి మూడు నెలల షుగర్ టెస్ట్ ఒక్కటే చూసి మందులు మొదలుపెట్టకండి

మూడు నెలల షుగర్ 6.5 వచ్చిందంటే షుగర్ ఉన్నట్టే, ఇంకేం చూడక్కర్లేదు అనే మాట ఈ మధ్య ఎంత మామూలైపోయిందంటే, హిమోగ్లోబిన్ 8 దగ్గరున్న ఆడవాళ్ళకి కూడా అదే లెక్క పెట్టేస్తున్నారు. నాకు కోపం వచ్చేది సరిగ్గా అక్కడే. ల్యాబ్‌లో పనిచేసేదాన్ని కాబట్టి ఈ రిపోర్టులు రోజూ నా చేతుల మీదుగానే వెళ్తాయి. పక్కపక్కనే ఉండాల్సిన రెండు కాగితాలు ఇద్దరు డాక్టర్ల దగ్గర విడివిడిగా పడి ఉండటం చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ టెస్ట్ ఏం కొలుస్తుందో చూద్దాం. దీని అసలు పేరు హెచ్‌బీఏ1సీ. మన రక్తంలోని ఎర్రకణాల నిండా హిమోగ్లోబిన్ ఉంటుంది. రక్తంలో తిరిగే గ్లూకోజ్ ఆ హిమోగ్లోబిన్‌కి మెల్లగా అంటుకుంటుంది, ఒకసారి గట్టిగా అంటుకున్నాక ఆ కణం చచ్చిపోయేదాకా వదలదు. మొత్తం హిమోగ్లోబిన్‌లో ఇలా గ్లూకోజ్ అంటుకున్నది ఎంత శాతమో చెప్పేదే ఈ టెస్ట్. 5.7 కంటే తక్కువైతే మామూలు, 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 ఆ పైన షుగర్ జబ్బు అని లెక్క. ఆ శాతాన్ని మనకి అలవాటైన షుగర్ అంకెలోకి మార్చడానికి ఒక సూత్రం ఉంది: 28.7తో గుణించి అందులోంచి 46.7 తీసేయాలి. 6.5ని అలా మారిస్తే సగటు షుగర్ దాదాపు 140 అని వస్తుంది. ఈ 140ని గుర్తుపెట్టుకోండి, కింద దీనితో పని ఉంది.

ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే దీన్ని మూడు నెలల సగటు అంటారు. కానీ ఈ సగటులో మూడు నెలలకీ సమాన వాటా ఉండదు. ఫలితంలో దాదాపు సగం టెస్ట్‌కి ముందున్న ఒక్క నెలదే, దానికి ముందు నెలది పావు వంతు, ఇంకా వెనక రోజులన్నిటిదీ కలిపి మిగతా పావు. కాబట్టి రెండు నెలలు ఇష్టం వచ్చినట్టు తిని ఆఖరి నెల గట్టిగా పథ్యం చేసినవాళ్ళకి అంకె కొంచెం బాగానే కనిపిస్తుంది. నిన్న పెళ్ళి భోజనం తిన్నాను, ఇవాళ ఇవ్వొచ్చా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేదొకటే: ఒక్క పూట తిండితో ఇది కదలదు, పరగడుపున రావాల్సిన పనీ లేదు. అలాగే మందు మార్చిన పదిహేను రోజులకే మళ్ళీ చేయించుకుని ఏమీ తగ్గలేదని బెంగపడటం కూడా అనవసరం.

ఇక రక్తహీనత సంగతి. చాలామంది అనుకునేది ఏమిటంటే, రక్తం తక్కువుంటే హిమోగ్లోబిన్ తక్కువ కాబట్టి ఏ1సీ కూడా తక్కువే వస్తుందని. అలా కాదు. ఇది శాతం లెక్క, హిమోగ్లోబిన్ 8 ఉన్నా 14 ఉన్నా అందులో ఎన్నో వంతుకి గ్లూకోజ్ అంటుకుందన్నదే చూస్తుంది. అంకెని అటూ ఇటూ లాగేది ఆ కణాల వయసు. నాలుగు రోజులు తొడుక్కున్న చొక్కాకి ఒక్క రోజు తొడుక్కున్న చొక్కా కంటే ఎక్కువ దుమ్ము పడుతుంది, వీధిలో దుమ్ము అంతే ఉన్నా సరే. ఎర్రకణం కూడా అంతే, ఎన్ని ఎక్కువ రోజులు తిరిగితే అంత ఎక్కువ గ్లూకోజ్ పోగేసుకుంటుంది.

ఐరన్ లోపంతో వచ్చే రక్తహీనతలో కొత్త కణాల తయారీ కుంటుపడుతుంది. ముడిసరుకు లేదు కదా. పడుచు కణాలు తగ్గిపోయి, రక్తంలో పాత కణాల వాటా పెరుగుతుంది. దాంతో అసలు షుగర్ పెరగకుండానే ఏ1సీ పైకి జరుగుతుంది. అందరికీ ఒకే మోతాదులో జరగదు, కొందరిలో అసలు తేడా కనిపించదు, కొందరిలో మాత్రం అర పాయింటు, అంతకన్నా ఎక్కువ కూడా పెరుగుతుంది. 5.9 ఉండాల్సిన మనిషికి 6.5 రావడానికి ఆ మాత్రం చాలు.

ఇది ఎక్కడో ఒకరిద్దరి బాధ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ వందకి 58 మంది దాకా రక్తహీనత ఉన్నవాళ్ళే. అందరిదీ ఐరన్ లోపమే కాకపోవచ్చు, కానీ అందులో పెద్ద వాటా దానిదే. ఇంతమంది ఉన్నచోట ఏ1సీ పక్కన హిమోగ్లోబిన్ చూడకుండా షుగర్ ఉందని తేల్చేయడం నిర్లక్ష్యం, ఇంకో మాట లేదు.

మా పిన్ని విషయమే చెప్తాను. వయసు 44, గర్భసంచిలో గడ్డలు, నెలనెలా విపరీతంగా బ్లీడింగ్. ఆయాసం, నీరసం అంటూ ఒక క్లినిక్‌కి వెళ్తే ఏ1సీ రాశారు, 6.5 వచ్చింది, అదే రోజు మెట్‌ఫార్మిన్ పూటకొకటి చొప్పున మొదలుపెట్టారు. ఇక అన్నం మానేసి, పండు ముట్టక, అసలే నీరసంగా ఉన్న మనిషి ఇంకా చిక్కిపోయింది, టెన్షన్ వేరే. నాకు ఫైలు పంపింది. అందులో ఇంకో చోట చేయించిన రక్తపరీక్ష కాగితం కూడా ఉంది: హిమోగ్లోబిన్ 8.4, ఎర్రకణం సైజు చెప్పే ఎంసీవీ 67. ఎంసీవీ మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉండాలి, 67 అంటే కణాలు బాగా చిన్నవైపోయాయి, ఐరన్ లేదేమో అని వెంటనే అనుమానించాల్సిన అంకె. ఆ కాగితాన్ని, ఏ1సీ కాగితాన్ని ఎవరూ ఒక్కచోట పెట్టి చూడలేదు.

"పిన్నీ, మాత్రలు నీ అంతట నువ్వు ఆపకు, ముందు ఇంకో డాక్టర్‌కి ఈ రెండూ కలిపి చూపిద్దాం" అన్నాను. ఆ ఫిజీషియన్ ఫైలు చూసి మొదట అడిగింది పరగడుపు షుగర్ ఎంత అని. 93 ఉంది. తిన్న రెండు గంటలకి 121. ఏ1సీ 6.5 చెప్పే సగటు 140 అని పైన అనుకున్నాం కదా, మరి పరగడుపున 93, తిన్నాక 121 ఉండే మనిషికి 140 సగటు ఎక్కణ్ణుంచి వస్తుంది? అయితే రెండు అంకెలు చూసి తేల్చెయ్యడం కూడా తప్పే, రాత్రి భోజనం తర్వాత షుగర్ బాగా పెరిగే మనుషులు ఉంటారు, ఉదయం టెస్టుల్లో అది దొరకదు. అందుకని ఆయన మాత్రలు తాత్కాలికంగా ఆపించి, ఇంట్లో గ్లూకోమీటర్‌తో మూడు పూటలా తినకముందూ, తిన్న రెండు గంటలకీ, పడుకోబోయే ముందూ చూసి రాయమన్నారు. పిన్ని కేలెండర్ వెనక గీతలు గీసుకుని రాసింది. అన్నిటికన్నా పెద్ద అంకె 146, అది కూడా ఒక రాత్రి చపాతీల బదులు అన్నం తిన్నాక. మిగతావన్నీ 90లకీ 130కీ మధ్యే. ఫెరిటిన్ చేయిస్తే 5. ఒంట్లో ఐరన్ నిల్వలు పూర్తిగా ఖాళీ అన్నమాట.

సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు, గడ్డలకి గైనకాలజిస్ట్ దగ్గర వైద్యం మొదలైంది. హిమోగ్లోబిన్ 12 దాటి నిలదొక్కుకున్నాక, ఇంకో మూడు నెలలు ఆగి ఏ1సీ చేస్తే 5.8. షుగర్ మాత్ర ఒక్కటీ లేకుండానే. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మెట్‌ఫార్మిన్ ఆపకుండా ఐరన్ కూడా ఇచ్చి ఉంటే ఇదే 5.8 చూసి "మాత్ర బాగా పనిచేసింది, జీవితాంతం వాడండి" అనేవాళ్ళు. ఐరన్ చేసిన పని షుగర్ మాత్ర ఖాతాలో పడిపోయేది. అలా పడిపోయినవాళ్ళు ఎంతమంది ఉంటారో అనుకుంటేనే నాకు బాధగా ఉంటుంది. 5.8 అంటే పూర్తిగా నిశ్చింత అని కూడా కాదు, ప్రీడయాబెటిస్ గీత దాటినట్టే, అందుకే పిన్ని నడక మానలేదు, ఏడాదికోసారి టెస్ట్ చేయించుకుంటుంది. కానీ షుగర్ పేషెంట్ అన్న ముద్ర మాత్రం పోయింది.

అసలు నన్ను కదిలించేది ఇంకోటి. ఏ1సీకి తీసేదీ, హిమోగ్లోబిన్, ఎంసీవీ లాంటివి చూసే సీబీపీ అనే రక్తపరీక్షకి తీసేదీ ఒకే ఊదారంగు మూత ట్యూబు. రక్తం గడ్డకట్టకుండా అందులో ఉండే మందు కూడా ఒకటే. రెండోసారి సూది గుచ్చనక్కర్లేదు, అదే ట్యూబును ఇంకో మెషిన్‌లో పెడితే హిమోగ్లోబిన్, ఎంసీవీ నిమిషాల్లో వస్తాయి, ఖర్చూ పెద్దగా ఉండదు. కాబట్టి ఏ1సీ రాసినప్పుడు "సీబీపీ కూడా చేయండి" అని మీరే అడగండి. లక్షణాలేవీ లేకుండా మొదటిసారి 6.5 వస్తే, పరగడుపు షుగర్‌తోనో ఇంకో ఏ1సీతోనో ఖాయం చేసుకోవాలని మార్గదర్శకాల్లోనే ఉంది, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పరగడుపున 126 ఆ పైన గానీ, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకి 200 ఆ పైన గానీ వస్తే అది వేరే విషయం, దానికి ఎర్రకణాల వయసుతో సంబంధం లేదు. అప్పుడు రక్తహీనత వల్లే అని తోసిపుచ్చకండి.

ఇప్పటిదాకా చెప్పింది అంకె ఎక్కువ చూపించే రకం. తక్కువ చూపించేది ఇంకా ప్రమాదం. ఎర్రకణాలు తొందరగా పగిలిపోయే రక్తహీనతల్లో, ఈమధ్య బాగా రక్తం పోయినవాళ్ళలో, రక్తం ఎక్కించుకున్నవాళ్ళలో, డయాలసిస్ మీదుండి రక్తం పెరగడానికి ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్ళలో కణాలన్నీ పడుచువే, లేదా వేరేవాళ్ళవి. గ్లూకోజ్ అంటుకునే వ్యవధే ఉండదు. అసలు షుగర్ 200 దగ్గర తిరుగుతున్నా ఏ1సీ 6 అని బుద్ధిగా చూపిస్తుంది, ఇంట్లోవాళ్ళు కంట్రోల్‌లో ఉందని సంతోషపడతారు. సికిల్ సెల్ ఉన్నవాళ్ళలోనూ ఇదే, మన్యం వైపూ ఆదిలాబాద్ వైపూ పనిచేసే ల్యాబ్ వాళ్ళకి ఇది బాగా తెలుసు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ అయితే రిపోర్టుతోపాటు ఒక గ్రాఫ్ వస్తుంది, మామూలుగా ఉండకూడని చోట అదనపు శిఖరం కనిపిస్తే అది వేరే రకం హిమోగ్లోబిన్ అని మాకు అర్థమవుతుంది. చాలాచోట్ల ఆ గ్రాఫ్ పేషెంట్‌కి ఇవ్వరు, అంకె ఒక్కటే ప్రింట్ చేస్తారు. అడిగి తీసుకోండి.

ఇలాంటివాళ్ళకి ఏ1సీ పక్కన పెట్టి గ్లూకోమీటర్ అంకెలే చూసుకోవాలి, లేదా ఫ్రక్టోసమైన్ చేయించాలి. అది ఎర్రకణాల మీద కాకుండా రక్తంలోని ప్రోటీన్ల మీద అంటుకున్న గ్లూకోజ్‌ని కొలుస్తుంది కాబట్టి రెండు మూడు వారాల సంగతే చెప్తుంది. ఆ ప్రోటీన్లలో ముఖ్యమైన ఆల్బుమిన్ బాగా పడిపోయినవాళ్ళలో అదీ తప్పుతుంది, కాబట్టి కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్ళు ఆల్బుమిన్ రిపోర్టు కూడా డాక్టర్ ముందు పెట్టాలి. ఐరన్ ఎక్కించుకుంటున్నవాళ్ళు మాత్రం మధ్యలో ఏ1సీ చేయించుకోకండి. అప్పుడు కొత్త కణాలు ఒక్కసారిగా వరదలా వస్తాయి, అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. హిమోగ్లోబిన్ ఒకచోట నిలబడ్డాక మూడు నెలలు ఆగి చేయించుకోండి.