టాటూ పోవాలి సరే, చర్మం ఎందుకు పోవాలి?

ప్రీ వెడ్డింగ్ ఫొటోల్లో చేతి మీది పాత టాటూ తీసేయమని అడగడం ఆల్బమ్ డిజైనర్లకు ఇప్పుడు మామూలు వ్యవహారం. తీసేస్తున్నారు కూడా. కాకపోతే తీసిన చోట చర్మం మైనం పూసినట్టు నున్నగా మిగులుతుంది. టాటూ కనబడదు గానీ, అక్కడ ఏదో చెరిపారన్న సంగతి ఫొటో చూసిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. నింద మాత్రం ఫొటోషాప్‌లో రంగునీ, చర్మం గరుకునీ రెండు లేయర్లుగా విడదీసే ఫ్రీక్వెన్సీ సెపరేషన్ మీద పడుతోంది. ఈ పద్ధతికి తలూపేవాళ్లూ, తిట్టేవాళ్లూ ఇద్దరూ దాన్ని చర్మం నునుపు చేసే ఉపాయంగానే చూస్తున్నారు. అసలు తంటా అక్కడే ఉంది. టాటూ తీయడంలో బ్లర్‌కి దక్కాల్సింది చివరి వరసలో చిన్న చోటు. మన స్టూడియోల్లో మొదటి పీట దానికే వేస్తున్నారు.

పద్ధతి తెలిసిందే. ఫొటోకి రెండు కాపీలు తీసి, కింది దానికి Gaussian Blur వేస్తే రంగు, వెలుగునీడలు మిగులుతాయి. దాన్ని Low అందాం. అసలు ఫొటోలోంచి ఆ బ్లర్‌ని తీసేస్తే రంధ్రాలు, గీతలు, వెంట్రుకలు మిగులుతాయి. అది High. 8 బిట్ ఫైలైతే Apply Image లో Subtract, Scale 2, Offset 128. 16 బిట్ అయితే Add, Invert టిక్, Scale 2, Offset 0. పై లేయర్‌ని Linear Light లో పెడితే రెండూ కలిసి మళ్లీ అసలు ఫొటో వస్తుంది. ఇక్కడిదాకా ఏ ట్యుటోరియల్ చూసినా చెబుతారు. ఆ తర్వాతే దారి తప్పుతుంది. టాటూ అంటే రంగు, రంగు ఉండేది Low లో, కాబట్టి అక్కడ లాసో గీసి బ్లర్ కొట్టు, అంటారు. వినడానికి బాగుంది, నిజం మాత్రం సగమే.

ఒక ఫొటో తీసుకుందాం. 24 మెగాపిక్సెల్ కెమెరా, పెళ్లికొడుకు చొక్కా చేతులు మడిచి నిలబడ్డాడు. ముంజేయి లోపలి వైపు నల్ల సిరాతో ఒక పేరు. అక్షరాల గీత మందం సుమారు 14 పిక్సెళ్లు. మణికట్టు దగ్గర నల్ల లెదర్ బెల్టు వాచీ. రంధ్రాలు కనుమరుగయ్యేదాకా బ్లర్ పెంచి, అక్కడే ఆపితే రేడియస్ 8 దగ్గర కుదిరింది.

ఇప్పుడు High లేయర్‌ని ఒక్కదాన్నే Normal లో పెట్టి చూడండి. బూడిద రంగు పలక మీద ఆ పేరు చక్కగా చదవొచ్చు! గీత నలుపుగా, దాని చుట్టూ తెల్లటి అంచుతో ఉంటుంది. 14 పిక్సెళ్ల గీతను 8 రేడియస్‌తో బ్లర్ చేస్తే గీత నడిమధ్యన సిరా నలుపులో ఇంచుమించు 60 శాతమే Low లోకి వెళుతుంది. మిగతా 40 శాతం High లోనే ఉండిపోతుంది. Low ని ఎంత తోమినా ఈ 40 శాతం పోదు. పోలేదని ఇంకాస్త బ్లర్ కొడతారు, అదీ చాలక చివరికి High మీద కూడా బ్లర్ టూల్ తిప్పుతారు. చర్మం చచ్చేది ఈ ఘడియలోనే.

తెల్లటి అంచు సంగతి మరీ ముఖ్యం. బ్లర్ చేసినప్పుడు సిరా నలుపు గీత దాటి పక్క చర్మంలోకి పాకుతుంది. Low లో అక్షరం చుట్టూ మసక నీడ అదే. ఆ నీడను రద్దు చేయడానికి High లో అంతే తెలుపు ఉంటుంది. రెండూ కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి మామూలుగా మన కంటికి ఆనవు. Low లో నీడ తుడిచి, High లో తెలుపు వదిలేస్తే అక్షరం చుట్టూ వెలుగు గీత తేలుతుంది. High శుభ్రం చేసి Low వదిలేస్తే మసి మిగులుతుంది. అందుకని రెండు లేయర్లలోనూ ఒకే మేర పని జరగాలి. ఆ మేర అక్షరం అంచుతో ఆగిపోకూడదు, రేడియస్‌కి రెండింతలకు పైగా బయటికి పోవాలి. మన ఫొటోలో అయితే గీత దాటి చుట్టూ 20 పిక్సెళ్లు.

పని High తోనే మొదలుపెట్టాలన్నది నా పట్టుదల. ఒక చోటి చర్మాన్ని తెచ్చి మరో చోట అద్దే క్లోన్ స్టాంప్, Sample లో Current Layer, ఒపాసిటీ 100, ఫ్లో 100. బ్రష్ అంచు గట్టిగా ఉండాలి, హార్డ్‌నెస్ 80కి తగ్గొద్దు. మెత్తటి బ్రష్ వాడితేనే కలిసిపోతుందని చాలామంది నమ్మకం. రంగు విషయంలో అది సరే, టెక్స్చర్ విషయంలో పూర్తిగా తలకిందులు. మెత్తటి అంచు దగ్గర పాత రంధ్రాలూ కొత్త రంధ్రాలూ సగం సగం కలుస్తాయి. పొంతన లేని రెండు టెక్స్చర్లు అలా కలిస్తే గరుకు 70 శాతానికి పడిపోతుంది. బ్రష్ దాటిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. ఎవరూ బ్లర్ కొట్టకపోయినా చర్మం అలుక్కుపోయినట్టు కనిపించడానికి ఇదొక పెద్ద కారణం. High లో రంగు ఉండదు, అంతా బూడిదే. కాబట్టి గట్టి అంచు అతుకు కనబడుతుందన్న భయం అక్కర్లేదు.

అరువు తెచ్చే చోటు కూడా చూసుకోవాలి. ముంజేయి గుండ్రం. అడ్డంగా పోతే వెలుతురు మారుతుంది, పొడవునా పోతే అంతగా మారదు. అందుకే మోచేయి వైపు నుంచి, అదే వరసలో ఉన్న శుభ్రమైన చర్మం తీసుకోవాలి. మణికట్టు దగ్గరి అడ్డగీతలు మోచేయి వైపు ఉండవు కాబట్టి ఆ చోటికి పక్కనున్న చర్మమే దిక్కు. నాలుగైదు సార్లు అద్దాక మూలం మార్చాలి. ఒకే పుట్టుమచ్చ రెండు చోట్ల కనబడితే పని దొరికిపోయినట్టే.

ఇక Low. ఇక్కడ మెత్తటి బ్రష్ వాడొచ్చు, వాడాలి కూడా. కానీ ముందు క్లోన్, తర్వాతే బ్లర్. సిరా ఉండగానే లాసో గీసి బ్లర్ చేస్తే నలుపు ఎక్కడికీ పోదు, పలచబడి చేయంతా పాకుతుంది. అక్షరాల మీద శుభ్రమైన రంగు క్లోన్ చేసి, నలుపు పూర్తిగా పోయాక, మిగిలిన మచ్చమచ్చల వరకే లాసో గీసి, అంచుకు ఫెదర్ ఇచ్చి చిన్న బ్లర్. లాసోలోకి వాచీ బెల్టు రాకూడదు. దగ్గరకొచ్చినా బెల్టు నలుపు చర్మంలోకి కారుతుంది. హీలింగ్ బ్రష్‌తో కూడా ఇదే పేచీ. చుట్టూ ఉన్న రంగుతో కలపడం దాని స్వభావం కాబట్టి బెల్టు పక్కన వాడితే మసి పట్టుకొస్తుంది. అన్నట్టు, ముంజేయి లోపల నీలంగా కనబడే నరాలు కూడా Low లోనే ఉంటాయి. టాటూ ముందు దాకా వచ్చిన నరం హఠాత్తుగా ఆగిపోయి, అక్షరాలు దాటాక మళ్లీ మొదలైతే అంతకన్నా ఎబ్బెట్టు ఉండదు. దాన్ని కూడా క్లోన్ చేసి కలపాలి.

ఊళ్లలో పెద్దవాళ్ల చేతుల మీది పాత పచ్చబొట్టయితే పని ఇంతుండదు. పచ్చగా వెలిసిపోయి, అంచులు చెదిరిపోయిన గీతలు చాలా వరకు Low లోకే దిగిపోతాయి. కింద రంధ్రాలు అలాగే ఉంటాయి, రంగు సరిచేస్తే చాలు. దట్టమైన నల్ల సిరా అలా కాదు. చీకట్లో రంధ్రాల వెలుగునీడల తేడా చాలా కొద్దిగా ఉంటుంది. Low ని తేటపరిచినంత మాత్రాన ఆ తేడా పెరగదు, ఎందుకంటే Linear Light కూడుతుందే తప్ప గుణించదు. అందుకే దట్టమైన టాటూ కింద సొంత టెక్స్చర్ మిగిలి ఉన్నా పనికిరాదు, పక్క నుంచి తేవాల్సిందే. గాయం మచ్చ ఇందుకు భిన్నం. సాధారణంగా అక్కడ రంధ్రాలే ఉండవు, రంగు ఎంత కలిపినా అతికించిన పట్టీలాగే ఉంటుంది. ఉబ్బెత్తు మచ్చయితే దాని నీడ రేడియస్ కన్నా వెడల్పు. దాన్ని Low లో వెలుగు పెంచే డాడ్జ్, తగ్గించే బర్న్‌తో సరిచేయాలి.

అసలు ఈ పద్ధతే వద్దు, మామూలు లేయర్ మీద హీలింగ్, డాడ్జ్ అండ్ బర్న్‌తో ఓపిగ్గా చేసుకోవచ్చనే అనుభవజ్ఞులు ఉన్నారు. ముఖాల విషయంలో వాళ్ల మాటే సబబు. కానీ చేతి పొడవునా పరుచుకున్న నల్ల అక్షరాలను రంగూ టెక్స్చరూ విడదీయకుండా తీయాలంటే, రెండూ ఒకేసారి సరిపోయే చర్మం ఆ చేతి మీదే దొరకాలి. సాధారణంగా దొరకదు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మీద మాత్రం ఎవరి పద్ధతీ పారదు. కంప్రెషన్ గళ్లు High లో రంధ్రాల స్థానంలో కూర్చుంటాయి. ఒరిజినల్ ఫైల్ అడగండి.

ఇంతా తెలిసీ మన ఆల్బమ్ డిజైనర్లు బ్లర్‌నే ఎందుకు పట్టుకున్నారు? టైమ్ లేదంటారు. కొంత నిజమే. నాకు మాత్రం అసలు కారణం వేరే కనిపిస్తుంది. Low లేయర్ అంటే చర్మం రంగు చేతికి చిక్కడం. లాసో గీశాక, బ్లర్‌తో పాటు కర్వ్స్ కొంచెం పైకి లాగడం క్షణంలో పని. "అన్నా, కొంచెం కలర్ లాగు" అని పెళ్లివారు అడగనవసరం కూడా లేదు, అడగకముందే లాగేస్తున్నారు. టాటూ తీయమంటే చామనఛాయ కూడా తీసేస్తున్నారు. చర్మం నున్నగా ఉండాలి, తెల్లగా ఉండాలి అన్న రెండు కోరికలూ మన కళ్లలో కలిసిపోయాయి కాబట్టి, మైనం చర్మం తప్పుగా ఎవరికీ తోచడం లేదు. క్రీము డబ్బా మీద ఫెయిర్ అన్న మాట 2020లో మారి గ్లో అయింది. ఆల్బమ్‌లో ఆ మార్పు కూడా రాలేదు. నార్వేలో 2022 జులై నుంచి ప్రకటనల్లో మనిషి ఆకారాన్నో చర్మాన్నో మార్చిన ఫొటోకి ఆ సంగతి చెప్పే గుర్తు వేయాలని చట్టం అమల్లో ఉంది. పెళ్లి ఆల్బమ్‌కి చట్టం అక్కర్లేదు, డబ్బు కట్టేవాళ్లు కళ్లు తెరిస్తే చాలు.

ప్రూఫ్ వచ్చినప్పుడు పేజీని దూరం నుంచి చూసి సరేననకండి. స్క్రీన్ మీద 100 శాతం జూమ్‌లో టాటూ ఉండే చోటు చూడండి, రంధ్రాలు మోచేయి దాకా ఒకేలా సాగాలి. తర్వాత 25 శాతానికి తగ్గించండి. మసి గానీ వెలుగు మచ్చ గానీ ఉంటే అప్పుడే బయటపడుతుంది. ఆఖరున టాటూ తీసిన చేతిని, అదే వెలుతురులో ఉన్న రెండో చేతితో పోల్చండి. రంగు కలవకపోతే ఆ పేజీ ప్రింట్‌కి ఒప్పుకోకుండా వెనక్కి పంపండి.