గడియారం చూసి కాదు, ప్రశ్న చూసి కోయాలి

అమెరికాలోని చాలా తెలుగు సంఘాలు ఏడాది మొదట్లో పన్నుల సదస్సు పెడతాయి. ఒక సీపీఏ గారు జూమ్‌లో గంటన్నర మాట్లాడతారు, ఆ రికార్డింగ్ యూట్యూబ్‌లోకి వెళ్తుంది. తర్వాత ఎవరో వాలంటీరు దాన్ని నిమిషానికొక ముక్కగా కోసి, అదే ముక్కని అదే రోజు ఇన్‌స్టాగ్రామ్‌లో, ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపులో వేస్తారు. ఈ మూడు చోట్లా ఉండేది దాదాపు ఆ సభ్యులే. అదే ముఖం, అదే బ్యానర్, అదే "అందరికీ నమస్కారం" మళ్లీ కనబడగానే దాటేస్తారు. లోపల తమకు పనికొచ్చే మాట ఉందో లేదో చూడరు.

నిడివిని బట్టి కోయడం వల్లే ఇలా అవుతుందని నా గట్టి అభిప్రాయం. కోయాల్సింది ప్రశ్నను బట్టి. ఎడిటింగ్ యాప్ తెరిచే ముందు వీడియో మొత్తం ఒకసారి విని, సీపీఏ గారు నిజంగా జవాబిచ్చిన ప్రతి ప్రశ్ననూ టైముతో సహా కాగితం మీద రాసుకోవాలి. యూట్యూబ్ వివరణలో 0:00తో మొదలుపెట్టి అవే టైములు రాస్తే పెద్ద వీడియోకి చాప్టర్లు కూడా వస్తాయి. కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు.

విదేశీ బ్యాంకు ఖాతాల గురించి అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే ఎఫ్‌బార్ రిపోర్టు సంగతే తీసుకుందాం. ఇండియాలోనో మరో దేశంలోనో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే రిపోర్టు చేయాలి. ఈ ఒక్క నియమంలోనే మనవాళ్లు అడిగే ప్రశ్నలు వేర్వేరుగా ఉంటాయి. "ఏ ఖాతాలోనూ పదివేలు లేవు, అయినా చేయాలా?" అన్నది మొదటిది. సేవింగ్స్‌లో 6,000, ఎఫ్‌డీలో 5,000 ఒకే సమయంలో ఉంటే మొత్తం 11,000, కాబట్టి చేయాలి. ఇది నలభై సెకన్ల యూట్యూబ్ షార్ట్‌కి సరిపోతుంది. "నాన్న ఖాతాలో నా పేరు జాయింట్‌గా ఉంది, డబ్బు ఆయనదే" అన్నది రెండోది. జాయింటు ఖాతాదారు ఆ ఖాతా పూర్తి మొత్తాన్ని చూపించాలి, సగం కాదు. దీనికి వీడియో అక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు బొమ్మలుగా పెడితే అన్నాచెల్లెళ్లు ఒకరికొకరు పంపుకుంటారు. మూడోది గడువు. ఏప్రిల్ 15, దానంతటదే అక్టోబర్ 15 వరకు పొడిగింపు, పన్ను రిటర్న్‌తో కాకుండా అమెరికా ఆర్థిక శాఖ విభాగమైన ఫిన్‌సెన్ సైట్‌లో విడిగా దాఖలు. వాట్సాప్‌లో ఇది మూడు లైన్ల టెక్స్ట్‌గానే వెళ్లాలి, ఎందుకంటే అక్కడ జనం తర్వాత వెతుక్కునేది టెక్స్టే. ఇలా చేస్తే మూడు చోట్లా ఉన్న సభ్యుడికి మూడు కొత్త సంగతులు తెలుస్తాయి.

షార్ట్ విషయంలో మాత్రం మొదటి వాక్యం మీద బాగా పనిచేయాలి. మన వక్తలు ముందు నేపథ్యం చెప్పి, ఒక ఉదాహరణ ఇచ్చి, చివరికి జవాబు దగ్గరకొస్తారు. హాల్లో కూర్చున్నవాళ్లకు అది బాగుంటుంది, ఫోన్లో చూసేవాళ్లు అంతసేపు ఆగరు. అందుకని "అన్నీ కలిపి లెక్క" అన్న చివరి వాక్యాన్ని కోసి ముందుకు తెచ్చి, ఆ తర్వాత ఉదాహరణ పెట్టాలి. ప్రశ్నను తెర మీద అక్షరాల్లో చూపిస్తే నమస్కారాలూ పరిచయాలూ అవసరం ఉండవు. తెలుగూ ఇంగ్లీషూ కలిసిన మాటల్ని ఆటోమేటిక్ క్యాప్షన్లు తరచూ తప్పుగా రాస్తాయి. అంకెలు, ఫారం పేర్లు చేత్తో దిద్దాల్సిందే.

షార్ట్ కింద వివరణలోనో కామెంట్లలోనో పెట్టే లింకుని యూట్యూబ్ 2023 ఆగస్టు నుంచి నొక్కనివ్వడం లేదు. పెద్ద వీడియోకి దారి చూపాలంటే యూట్యూబ్ స్టూడియోలో Related video అనే చోట దాన్ని ఎంచుకోవాలి. చాలామంది ఇది వదిలేస్తారు.

కొన్ని ప్రశ్నల్ని అసలు కోయకూడదు. ఎఫ్‌బార్ నియమం సిటిజన్లకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, పన్ను లెక్కలో రెసిడెంట్లయిన హెచ్1బీ వాళ్లకు వర్తిస్తుంది. ఎఫ్1 మీద వచ్చిన విద్యార్థి మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను లెక్కలో నాన్‌రెసిడెంటే. "ఎవరికి" అన్న ఆ వాక్యం పోతే మిగిలిన ముక్క వినడానికి శుభ్రంగా ఉంటుంది కానీ ఒక స్టూడెంట్‌ని అనవసరంగా టెన్షన్ పెడుతుంది. షరతుని నలభై సెకన్లలో ఇరికించలేకపోతే ఆ జవాబు పెద్ద వీడియోలోనే ఉండనివ్వాలి. పోస్టులు తగ్గినా ఫర్వాలేదు.

పోస్టు పనిచేసిందో లేదో లైకుల కన్నా గ్రూపులో వచ్చే ప్రశ్నలే బాగా చెబుతాయి. మనం జవాబిచ్చిన ప్రశ్ననే మర్నాడు మళ్లీ అడిగారంటే మొదటి వాక్యం వాళ్లను చేరలేదు, దాన్ని మార్చాలి. దాని పక్క ప్రశ్న, అంటే "మరి మ్యూచువల్ ఫండ్ల సంగతేంటి?" అని అడిగితే, తర్వాతి ముక్క ఏదో వాళ్లే చెప్పినట్టు. ఇక గడువు సంగతి సెప్టెంబర్ చివర్లో ఇంకోసారి వేయవచ్చు. ఏప్రిల్‌లో దాఖలు చేయనివాళ్లకు అప్పుడది కావాల్సిన సమాచారమే. కాకపోతే తెర మీద ఏ సంవత్సరం ఖాతాల గురించో అంకెల్లో రాయాలి, లేకపోతే వచ్చే ఏడాది ఎవరో ఫార్వర్డ్ చేసినప్పుడు అది పాత కబురని ఎవరికీ తెలియదు.