రీడింగ్ రాకున్నా పాసైపోయే పేపర్

“నీటి పరీక్షల డిప్లొమాకు సిలబస్ రాయమన్నారు. 16 వారాలు, 30 మంది పిల్లలు. ముందు యూనిట్లు రాసుకోవాలా, లెర్నింగ్ అవుట్‌కమ్స్ రాసుకోవాలా?”

నల్లగొండలో మా స్టాఫ్‌రూమ్‌లో నేను అడిగిన ప్రశ్న ఇది. కెమిస్ట్రీ సార్, ల్యాబ్ మేడం అక్కడే వాదులాటకు దిగారు.

సార్: యూనిట్లే. నీటి గుణాలు, గాఢత, ఫ్లోరైడ్, శుద్ధి అని వరుసగా పెట్టుకో. అవుట్‌కమ్స్ చివర్లో రాసుకోవచ్చు, “ఫ్లోరైడ్‌పై అవగాహన పొందుతారు” అంటే ఎవరూ కాదనరు.

మేడం: ఎవరూ కాదనరు, ఎవరూ పరీక్షించలేరు కూడా సార్. అవగాహన వచ్చిందో లేదో మీరెట్ల చూస్తారు? నేనైతే ఇట్ల రాస్తాను: మర్రిగూడ వైపు బోరు నీళ్లు తెచ్చి, విలువ చెప్పకుండా చేతికిస్తే, ఫ్లోరైడ్ తగిలితే రంగు తగ్గే స్పాడ్న్స్ రియేజెంట్‌తో ఫ్లోరైడ్‌ను ఒంటరిగా కొలిచి, అసలు విలువకు పది శాతం లోపు తేడాతో చెప్పి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితితో పోల్చి తాగొచ్చో లేదో రాయాలి.

సార్: అది రేపు ఎలక్ట్రోడ్ మీటర్ వస్తే పనికిరాదమ్మా. రియేజెంట్ రంగు ఎందుకు తగ్గుతుందో తెలిసినవాడు ఏ మీటర్‌నైనా పట్టుకుంటాడు.

ఈ మాటలో బలముంది, మేడం కూడా ఒప్పుకున్నారు. కానీ వదల్లేదు.

మేడం: ఆ రంగు సంగతే తీసుకోండి. ఈ పద్ధతి లీటరుకు 1.4 మిల్లీగ్రాముల వరకే నడుస్తుంది. లీటరుకు 3 ఉన్న నీళ్లయితే 25 మి.లీ. తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో 100కి చేర్చాలి, రీడింగ్ 0.75 వస్తుంది, దాన్ని నాలుగుతో గుణించాలి. గుణించడం మరిచిపోయినవాడు 0.75 అని రాసి “తాగొచ్చు” అంటాడు. థియరీలో వాడికి పదికి తొమ్మిది వేస్తారు మీరు.

రికార్డులు సర్దుతున్న మా పాత విద్యార్థిని మధ్యలో అందుకుంది. ఇప్పుడు ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేస్తోంది.

పాత విద్యార్థిని: ఆ పలుచన గురించేనా సార్? నాకు మొదటి వారమే తిట్లు పడ్డయి. పలుచన చేయకుండా, తెలిసిన విలువలతో గీసిన గ్రాఫ్ గీతను స్కేలుతో ముందుకు పొడిగించి విలువ రాసిన. రంగు దాదాపు పోయింది, అయినా అనుమానం రాలేదు. కాలేజీలో మేం నలుగురం కలిసి చేసేవాళ్లం, రీడింగ్ ఎప్పుడూ ఒకమ్మాయే తీసేది.

సార్: అది సిలబస్ తప్పు కాదు బిడ్డా, రంగు కొలిచే మెషీన్ ఒక్కటే ఉండటం. పదిహేను మంది బ్యాచ్, మూడు గంటలు, మనిషికి పన్నెండు నిమిషాలు. మేడం రాసిన అవుట్‌కమ్ కాగితం మీదే ఉంటుంది.

మేడం: అందుకే వీక్లీ ప్లాన్ అవుట్‌కమ్ నుంచి వెనక్కి రాయాలంటున్నాను. 16 వారాల్లో దసరా, బతుకమ్మ సెలవులు, రెండు ఇంటర్నల్స్ తీసేస్తే మిగిలేది పదమూడే అనుకుందాం. ఆరో వారం గ్రూపులుగా గ్రాఫ్ గీస్తారు. ఏడో వారం పలుచన ఒక్కటే. ఎనిమిదో వారం ఎనిమిది మంది, తొమ్మిదో వారం ఏడుగురు ఒంటరిగా కొలుస్తారు, మిగతావాళ్లు అప్పుడు హార్డ్‌నెస్ టైట్రేషన్ చేసుకుంటారు. ఇప్పుడు మనిషికి ఇరవై రెండు నిమిషాలకు పైనే. నాలుగు వారాలు దీనికే పోతాయి కాబట్టి మీ యూనిట్లలో ఒకటి తీసేయాలి.

సార్: ఏది?

మేడం: పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే నల్గొండ టెక్నిక్ మాత్రం కాదు. ఇక్కడి పిల్లలకు అది తెలియకపోతే ఎట్లా. నీటి చట్టాల యూనిట్‌ను సగం చేద్దాం.

సార్ ఆ సగానికి ఒప్పుకోలేదు. అసలు గొడవ మార్కుల దగ్గర వచ్చింది. నేను పాత పథకం చూపించాను: థియరీ 60, ప్రాక్టికల్ 40. ఆ నలభైలో ప్రయోగానికి 20, రికార్డుకు 10, వైవాకు 10. పాస్‌కు 16. మేడం పెన్సిల్ తీసి రికార్డు పక్కన 9, వైవా పక్కన 7, ప్రయోగం పక్కన సున్నా వేశారు. ఒక్క రీడింగ్ తీయకుండా పాస్! ఇన్నేళ్లు ఈ లెక్క నేనూ చూడలేదు.

మేడం: ప్రయోగంలో విడిగా 10 రావాలని ఒక్క వాక్యం చేర్చండి. రికార్డు పక్కవాడిది చూసి రాయొచ్చు, రీడింగ్ కుదరదు.

సార్: పరీక్ష రోజు ముప్పై మందికి ముప్పై నమూనాలు ఎవరు కలుపుతారు? బయటి ఎగ్జామినర్ మధ్యాహ్నానికి వెళ్లిపోతాడు. మెషీన్ మొరాయిస్తే తప్పేది పిల్లలు.

మేడం: ఆ మార్కులు ఎనిమిది, తొమ్మిది వారాల్లోనే వేసేద్దాం. తప్పినవాళ్లకు పదకొండో వారంలో ఇంకో ఛాన్స్.

సార్: అంటే ఆ 20 మన చేతిలో మార్కులవుతాయి. ఇంటర్నల్ మార్కులు ఎట్లా వేస్తారో మనకు తెలియదా?

మేడం దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. నమూనా విలువల కాగితాన్ని సీల్డ్ కవర్లో పెట్టి ఎగ్జామినర్‌కే ఇద్దామని తర్వాత అన్నారు, సార్ చూద్దామన్నారు. కనీసం 10 అనే వాక్యాన్ని నేను డ్రాఫ్ట్‌లో పెట్టాను, చట్టాల యూనిట్ పక్కన ప్రశ్న గుర్తు వదిలేశాను.