రెండు నెలల పాపకు గ్రైప్ వాటర్, మెలటోనిన్

"మా పాపకి రెండు నెలలు. రాత్రి గంటకోసారి లేస్తోంది. గ్రైప్ వాటర్ పట్టొచ్చా? ఆడపడుచు అమెరికా నుంచి పంపిన, నిద్ర కోసం వాడే మెలటోనిన్ గమ్మీ కాస్త పెట్టొచ్చా?"

గమ్మీ వద్దమ్మా, చిటికెడు కూడా. అక్కడ అది మందుగా కాదు, సప్లిమెంట్‌గా అమ్ముతారు. 2023లో 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే, ఒకదాంట్లో మెలటోనిన్ అసలే లేదు, ఇంకోదాంట్లో లేబుల్ మీద రాసినదానికి మూడు రెట్లకు పైగా ఉంది. పైగా పసిపిల్లకి గమ్మీ గొంతులో అడ్డం పడుతుంది.

గ్రైప్ వాటర్‌లో సాధారణంగా ఉండేది సోపు జాతి గింజల నూనె, వంటసోడా, తీపి. నిద్ర పట్టించేది ఏదీ లేదు. తీపి తగలగానే ఏడుపు ఆగుతుంది, అంతే. ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు.

వసకొమ్ము అరగదీసి నాకించడం ఇంకా ప్రమాదం. అందులోని అసరోన్ అనే పదార్థం వల్ల వాంతులు, మత్తు వస్తాయి. ఆ మత్తునే నిద్ర అనుకుంటారు. తేనె ఏడాదిలోపు వద్దే వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఈ వయసులో రాత్రి రెండు మూడు గంటలకోసారి లేవడం మామూలే. పాలు తాగాక పది నిమిషాలు భుజాన వేసుకుని త్రేన్పు రానివ్వండి. 100.4 డిగ్రీల జ్వరం, ఆకుపచ్చ వాంతి, పాలు పట్టకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.