90 శాతం పాజిటివ్ అయితే, రొట్టె ఎందుకు పగులుతోంది?

యూట్యూబ్‌లో వంట ఛానల్ నడిపేవాళ్లకు ఇచ్చే సలహా ఒకటి ఉంది. కామెంట్ మెచ్చుకోలా, విమర్శా అని తేల్చే సెంటిమెంట్ టూల్ గురించి అది:

"కామెంట్లన్నీ సెంటిమెంట్ టూల్‌లో వేయండి. 90 శాతం పాజిటివ్ వస్తే వంటకం హిట్టే. స్పామ్‌ను యూట్యూబే చూసుకుంటుంది. ఒకేలా ఉన్న కామెంట్లు డూప్లికేట్లు, తీసిపారేయండి."

ఈ సలహాలో ముందు శాతం సంగతి. మహబూబ్‌నగర్ నుంచి ఎవరో జొన్నరొట్టె వీడియో పెట్టారనుకుందాం. 200 కామెంట్లు వచ్చాయి. వాటిలో 130 "సూపర్ అక్కా", దండం బొమ్మలు. ఇంకో 25 "వీడియో బాగుంది, మా ఛానల్ కూడా చూడండి" రకం. నిజంగా పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్లు మిగిలిన 45 మందే. అందులో 20 మందికి రొట్టె బాగా వచ్చింది, 25 మందికి అంచులు పగిలాయి. ఆ పాతిక మందిలో ఐదుగురు మర్యాదకు "సూపర్" అని మొదలుపెట్టారు. టూల్ పొగడ్తలు 130, ప్రచారం 25, బాగా వచ్చినవాళ్లు 20తో పాటు ఆ ఐదుగురినీ పాజిటివ్‌లో వేస్తే మొత్తం 180, అంటే సరిగ్గా 90 శాతం. చేసి చూసినవాళ్లలో మాత్రం సగానికి పైగా మందికి రొట్టె చెడింది.

అందుకే మొదటి జల్లెడ "మంచా చెడా" కాదు, "చేశారా లేదా" అన్నది కావాలి. చేసినవాళ్ల మాటల్లో క్రియ ఉంటుంది: చేసిన, వచ్చింది, పగిలింది, సరిపోలేదు. ఇక్కడే మన వైపు చిక్కు. పుస్తక భాషలో "రావడం లేదు" అని జాబితా రాసుకుంటే "వస్తలేదు", "అయితలేదు" జారిపోతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో "vasthaledu", "vastaledu" అని రాసేవాళ్లు ఇంకా ఎక్కువ. VADER లాంటి ఇంగ్లిష్ పదకోశం మీద నడిచే టూల్‌కు ఇవేవీ తెలియవు. "super akka, kani rotte vasthaledu" అంటే దానికి వినపడేది "super" ఒక్కటే. ఓ వంద కామెంట్లు మీరే చదివి, జనం వాడిన రూపాలతో జాబితా కట్టుకోవడమే నయం.

స్పామ్ విషయంలో సగం నిజం. లింకులున్నవాటిని యూట్యూబ్ చాలావరకు ఆపుతుంది, ఒక్కోసారి మంచి ప్రశ్నను కూడా సమీక్షకు ఆపేస్తుంది, అలా ఆపినవి ఉండే ట్యాబ్‌ను యూట్యూబ్ స్టూడియోలో అప్పుడప్పుడు తెరవాలి. పొగుడుతూ ఛానల్ ప్రచారం చేసుకునేవాళ్లను అది పట్టకపోవచ్చు. ఒకే ఖాతా మీ వీడియోలన్నింటి కింద అదే వాక్యం పెడుతుంటే తెలిసిపోతుంది.

డూప్లికేట్ల సలహా మరీ ప్రమాదం. "సూపర్" యాభై మంది అన్నా అందులో కొత్త కబురు లేదు, ఒకటిగా లెక్కపెట్టండి. అదే "అంచులు పగులుతున్నాయి" అని పాతిక మంది అంటే ఆ సంఖ్యే అసలు కబురు. దాన్ని ఒకటి చేస్తే ఉన్న ఒక్క ఆధారం పోతుంది. కాబట్టి వాక్యాలను కాదు, వేర్వేరు మనుషులను లెక్కపెట్టాలి: ఒక ఖాతాకు ఒక ఫిర్యాదు ఒక్కసారే.

ఆ లెక్క చేతికొస్తే పని చిన్నదే. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు, పిండికి జిగురు మరిగే నీళ్లతోనే వస్తుంది. పాత పిండికి అదీ సరిగా రాదు. వీడియోలో నీళ్లు మరిగించే ఘట్టం కట్ అయిందేమో చూసి, నీళ్లు మరిగించాలన్న మాటను కామెంట్‌గా పెట్టి పైన పిన్ చేయండి. తర్వాత వచ్చే కామెంట్లలో "పగిలింది" అనే కొత్త మనుషులు తగ్గారా అన్నది చూడండి.